క్లౌడ్‌లో పెట్టిన డేటా బయటికి పోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ప్రైవేటు స్కూళ్ళకి ఫీజుల యాప్ నడుపుతున్నాం. అంతా అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో ఉంది: ఉబుంటు వేసిన ఒక ఈసీ2 సర్వరు, మైఎస్‌క్యూఎల్‌తో ఒక ఆర్‌డీఎస్ డేటాబేస్, పిల్లల ఫొటోలకీ టీసీలకీ ఒక ఎస్3 బకెట్. ఈ మధ్య ఒక స్కూలు వాళ్ళు "డేటా బయటికి పోతే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసివ్వండి" అన్నారు. మాకు సెటప్ చేసిపెట్టిన కుర్రాడేమో "సెక్యూరిటీ అంతా అమెజానే చూసుకుంటుంది, వాళ్ళకి ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉందిగా" అంటున్నాడు. ఆ మాటే రాసిచ్చేయొచ్చా?

జవాబు: రాసివ్వకండి. సర్టిఫికెట్ ఉన్నమాట నిజమే, కానీ అది అమెజాన్ వంతు పనికి ఇచ్చిన సర్టిఫికెట్. మీ ఈసీ2 సర్వర్లో ఏ పోర్టు తెరిచి ఉందో, మీ డేటాబేస్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో ఆ ఆడిటర్లు చూడలేదు, చూడరు కూడా. అమెజాన్ ఈ సంగతి ఎక్కడా దాచలేదు. క్లౌడ్‌కి రక్షణ మాది, క్లౌడ్‌లో మీరు పెట్టుకున్నవాటికి రక్షణ మీది అని తన వెబ్‌సైట్లోనే బొమ్మ గీసి మరీ చెబుతుంది. దానికే షేర్డ్ రెస్పాన్సిబిలిటీ మోడల్ అని పేరు. అజూర్, గూగుల్ క్లౌడ్ కూడా ఇదే పద్ధతి.

ఆ బొమ్మ చూస్తే మాత్రం పని జరగదు, మరీ పైపైన ఉంటుంది. నేనైతే ఒకే ప్రశ్న వేసుకోమంటాను: ఈ సెట్టింగును నా లాగిన్‌తో మార్చగలనా? మార్చగలిగితే అది నా బాధ్యతే. దాన్ని నేను ఎప్పుడూ ముట్టుకోకపోయినా, డిఫాల్టుగా వచ్చింది అలాగే ఉంచేసినా నాదే. నా లాగిన్‌కి అసలు కనపడనిది, అంటే బిల్డింగు, కరెంటు, డిస్కులు, కింద ఉన్న హైపర్‌వైజరు, వాళ్ళది. మీ మూడు సర్వీసుల్లో ఈ గీత మూడు వేరువేరు చోట్ల పడుతుంది. గొడవంతా అక్కడే.

ఈసీ2: గీత బాగా కిందే ఉంటుంది

ఈసీ2లో మీకు దక్కేది ఖాళీ మిషను. దాని కింద ఉన్న అసలు సర్వరు, ఒకే సర్వరు మీద నడిచే వేరువేరు కస్టమర్ల మిషన్లు ఒకదాన్నొకటి తొంగిచూడకుండా ఆపే హైపర్‌వైజరు, పాడైన డిస్కుని బయటికి పంపకుండా ధ్వంసం చెయ్యడం అమెజాన్ పని. ఉబుంటు దగ్గర్నుంచి పైనున్నదంతా మీదే.

ఈ గీత ఎంత కచ్చితంగా పడుతుందో 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడ్డప్పుడు స్పష్టంగా కనిపించింది. లోపం ప్రాసెసర్లోనే ఉంది. పక్క కస్టమర్ మిషన్లోంచి మీ మెమరీ చదవకుండా అమెజాన్ తన హైపర్‌వైజర్లని సరిచేసింది. కానీ మీ మిషన్ లోపలే ఒక ప్రోగ్రాము కెర్నెల్ మెమరీని చదవకుండా ఉండాలంటే మీ కెర్నెల్‌కి ప్యాచ్ మీరే వెయ్యాలి. లోపం ఒక్కటే అయినా రెండు వైపులా రెండు ప్యాచులు కావాల్సి వచ్చింది. మొదటిది అడక్కుండానే పడింది. రెండోది వేసుకోని సర్వర్లు అలాగే నడిచాయి.

మీ సర్వర్లోకి లాగినై ఈ మూడు కమాండ్లు ఇవ్వండి:

```
lsb_release -d
ls /var/run/reboot-required
sudo ss -tlnp
```

మొదటిది ఉబుంటు వెర్షన్ చెబుతుంది. 20.04 అని వస్తే దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మే నెలలోనే ఆగిపోయాయి. 22.04కో 24.04కో మారాలి, లేదంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి. రెండో కమాండుకి ఆ ఫైలు కనిపిస్తే, కెర్నెల్ లాంటి ముఖ్యమైనదేదో అప్‌డేట్ అయింది కానీ సర్వరు రీబూట్ కాలేదని అర్థం. ఇది చాలా ఆఫీసుల్లో జరిగేదే. `unattended-upgrades` రోజూ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, సర్వరు మాత్రం ఏడాదిగా పాత కెర్నెల్ మీదే నడుస్తుంటుంది. అప్‌డేట్ లాగు చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూడో కమాండు ఏ ప్రోగ్రాము ఏ పోర్టు మీద వింటోందో చూపిస్తుంది. మీ యాప్ కాకుండా ఎప్పుడో టెస్టింగ్ కోసం పెట్టిన రెడిస్సో, ఫైల్ సర్వరో అక్కడ కనిపిస్తే తీసేయండి.

ఇక సెక్యూరిటీ గ్రూపులు. లోకంలో ఎవరైనా రావచ్చు అని రాసి ఉన్న గ్రూపులు ఇలా బయటపడతాయి:

```
aws ec2 describe-security-groups --region ap-south-1 \
  --filters Name=ip-permission.cidr,Values=0.0.0.0/0 \
  --query 'SecurityGroups[].[GroupId,GroupName]' \
  --output table
```

ఇందులో గ్రూపుల పేర్లే వస్తాయి కాబట్టి ఒక్కోదాని రూల్స్ కన్సోల్లో తెరిచి చూడండి. వెబ్‌సైట్ కోసం 80, 443 పోర్టులు తెరిచిన గ్రూపు ఇందులో రావడం సహజం. సర్వర్లోకి లాగినయ్యే 22గానీ మైఎస్‌క్యూఎల్ వాడే 3306గానీ లోకానికంతా తెరిచిన గ్రూపు వస్తే ఆ కుర్రాడు పని అయిపోయాక తలుపు వెయ్యడం మర్చిపోయాడన్నమాట. సెక్యూరిటీ గ్రూపు అనే ఫైర్‌వాల్ సరిగా పనిచెయ్యడం అమెజాన్ బాధ్యత. అందులో రూల్ ఏం రాయాలన్నది మీ బాధ్యత. `0.0.0.0/0` అని మీరు రాస్తే అది అంతే నమ్మకంగా లోకానికంతా తెరిచిపెడుతుంది.

ఆర్‌డీఎస్: గీత పైకి జరిగింది, కానీ అంతా పోలేదు

ఆర్‌డీఎస్‌లో ఆపరేటింగ్ సిస్టం అమెజాన్‌దే, అందులోకి మీరు లాగినవ్వలేరు కూడా. మైఎస్‌క్యూఎల్ ప్యాచులు కూడా మెయింటెనెన్స్ విండోలో వాళ్ళే వేస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా మైనర్ వెర్షన్ ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ ఆపెయ్యకుండా ఉంచడం. మేజర్ వెర్షన్ ఎప్పుడు మార్చాలన్నది మాత్రం మీ నిర్ణయమే. ఆర్‌డీఎస్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7కి మామూలు సపోర్టు 2024 ఫిబ్రవరి 29న అయిపోయింది. ఇంకా దానిమీదే ఉన్నవాళ్ళకి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ అని విడిగా బిల్లు పడుతుంది. మీ బిల్లులో ఆ లైను ఉందేమో చూడండి.

మీ వంతుకి మిగిలినవాటిలో ముఖ్యమైనవి ఒకే టేబుల్లో ఇలా కనిపిస్తాయి:

```
aws rds describe-db-instances --region ap-south-1 \
  --query 'DBInstances[].[DBInstanceIdentifier,
    PubliclyAccessible,StorageEncrypted,
    BackupRetentionPeriod,DeletionProtection]' \
  --output table
```

పేరు తర్వాత వచ్చే కాలమ్ `False` అని ఉండాలి. `True` అని వస్తే డేటాబేస్‌కి పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. అదొక్కటే ఉంటే ప్రమాదం కాదు. దాంతోపాటు సెక్యూరిటీ గ్రూపులో 3306 లోకానికంతా తెరిచి ఉంటేనే బయటివాళ్ళు డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగే దాకా వస్తారు. కానీ మొదట్లో ఇంటి దగ్గర్నుంచి వర్క్‌బెంచ్‌తో కనెక్ట్ అవ్వాలని ఈ రెండూ కలిపే తెరుస్తారు, తర్వాత అలాగే ఉండిపోతాయి. సరిచెయ్యడం తేలికే. 3306 రూల్లో సోర్సు దగ్గర `0.0.0.0/0` తీసేసి, మీ ఈసీ2కి తగిలించిన సెక్యూరిటీ గ్రూపు ఐడీ, అంటే `sg-` తో మొదలయ్యేది, పెట్టండి. యాప్ ఎప్పటిలాగే నడుస్తుంది. ఆ తర్వాత ఆ పబ్లిక్ యాక్సెస్ కూడా ఆపెయ్యండి. వర్క్‌బెంచ్ కావాలంటే ఈసీ2 మీదుగా ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ వేసుకోవచ్చు.

మూడో కాలమ్ ఎన్‌క్రిప్షన్. ఇక్కడో చిక్కుంది. ఎన్‌క్రిప్షన్ లేకుండా మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌కి తర్వాత బటన్ నొక్కి పెట్టలేం. స్నాప్‌షాట్ తీసి, దాన్ని ఎన్‌క్రిప్షన్‌తో కాపీ చేసి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ లేపి, యాప్‌లో ఎండ్‌పాయింట్ మార్చాలి. స్నాప్‌షాట్ తీసిన క్షణం తర్వాత పాత డేటాబేస్‌లోకి వచ్చిన ఫీజు ఎంట్రీలు కొత్తదాంట్లోకి రావు. కాబట్టి ముందు యాప్ ఆపి ఆ తర్వాతే స్నాప్‌షాట్ తియ్యాలి. ఆదివారం రాత్రి పెట్టుకోండి. కాపీ చేసేటప్పుడు ఏ కీ అని అడుగుతుంది. అక్కడ `aws/rds` అనే డిఫాల్ట్ కీ వదిలేసి, ఎన్‌క్రిప్షన్ కీలు ఉంచే కేఎంఎస్ సర్వీసులో మీరే ఒక కీ తయారుచేసి అది ఇవ్వండి. ఎందుకో బ్యాకప్‌ల దగ్గర చెబుతాను.

నాలుగో కాలమ్ బ్యాకప్ ఎన్ని రోజులు ఉంచాలన్నది. 0 నుంచి 35 దాకా పెట్టుకోవచ్చు. 0 అంటే బ్యాకప్ లేనట్టే. బ్యాకప్ తీసే యంత్రాంగం అమెజాన్‌ది, ఈ అంకె మీది. ఐదోది డిలీషన్ ప్రొటెక్షన్. అది `True` అని ఉంటే పొరపాటున ఎవరూ డేటాబేస్‌ని ఒక్క క్లిక్కుతో తీసేయలేరు.

ఎస్3: పిల్లల ఫొటోలు ఉన్నది ఇక్కడే

ఎస్3లో సర్వరే కనపడదు కాబట్టి గీత ఇంకా పైకి జరిగినట్టు అనిపిస్తుంది. పెట్టిన ఫైలు పాడవకుండా ఉంచడంలో వాళ్ళ హామీ చాలా గట్టిది, 99.999999999 శాతం అంటారు. అయితే ఆ అంకె డిస్కులు చెడిపోవడం గురించే. మీ లాగిన్‌తో ఎవరైనా డిలీట్ కొడితే ఆ ఆర్డరుని కూడా అంతే నిక్కచ్చిగా అమలు చేస్తారు. దానికి మందు వెర్షనింగ్. అది డిఫాల్టుగా ఆపేసి ఉంటుంది, మీరే ఆన్ చెయ్యాలి. ఆన్ చేస్తే పాత వెర్షన్లకి కూడా బిల్లు పడుతుంది కాబట్టి, 90 రోజులు దాటిన పాత వెర్షన్లు పోయేలా లైఫ్‌సైకిల్ రూల్ ఒకటి రాసుకోండి.

బయటివాళ్ళకి కనపడకుండా ఉంచడంలో 2023 ఏప్రిల్ తర్వాత పరిస్థితి మెరుగైంది. అప్పట్నుంచి కొత్తగా తెరిచిన ప్రతి బకెట్‌కీ `Block all public access` ముందే ఆన్ అయి వస్తుంది. మరి ఇంకా ఎందుకు లీకవుతున్నాయి అంటారా? యాప్‌లో పిల్లవాడి ఫొటో లోడవ్వలేదు, `403` వచ్చింది. ఆ బ్లాక్ తీసేసి, బకెట్ పాలసీలో అందరికీ `s3:GetObject` ఇస్తే ఫొటో వచ్చేసింది. పని అయిపోయిందనుకున్నారు. ఫైలు పేర్లు `tc/2024/0001.pdf`, `0002.pdf` అని వరసగా ఉంటే ఒక చిన్న స్క్రిప్టు చాలు, స్కూలు మొత్తం టీసీలు దించుకోవడానికి.

మీ బకెట్ ఎలా ఉందో తేల్చుకోవడానికి బ్రౌజర్లో ప్రైవేట్ విండో తెరిచి, ఒక ఫొటో అసలు ఎస్3 అడ్రసుని ప్రశ్నార్థకం తర్వాతి భాగమంతా తీసేసి అతికించండి. ఫొటో కనిపిస్తే లోకానికి కూడా కనిపిస్తున్నట్టే. `AccessDenied` అని రావాలి. బాగుచేసే దారి ప్రీసైన్డ్ యూఆర్ఎల్. లాగినైన తల్లిదండ్రులకి యాప్ ఆ ఒక్క ఫైలుకి, కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేసే లింకు తయారుచేసి ఇస్తుంది. ఎలా ఉంటుందో చూడాలంటే:

```
aws s3 presign s3://mee-bucket/tc/2024/0001.pdf \
  --region ap-south-1 --expires-in 300
```

300 సెకండ్ల తర్వాత ఆ లింకు చచ్చిపోతుంది. మీ నోడ్ కోడులోనో పీహెచ్‌పీలోనో ఇదే పని చేసే ఫంక్షన్ ఎస్‌డీకేలోనే ఉంది. యాప్ మార్చాకే బ్లాక్ మళ్ళీ ఆన్ చెయ్యండి. లేకపోతే ఫొటోలన్నీ ఒక్కసారిగా మాయమై స్కూళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి.

"మా ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి కదా" అనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. 2023 జనవరి నుంచి ఎస్3లో పెట్టే ప్రతి కొత్త ఫైలూ డిఫాల్టుగా ఎన్‌క్రిప్ట్ అవుతున్నమాట వాస్తవమే. అది డిస్కు ఎత్తుకుపోయినవాడి నుంచి కాపాడుతుంది. అనుమతి ఉన్నవాడు అడిగితే మాత్రం ఎస్3 తనే డీక్రిప్ట్ చేసి ఇస్తుంది. బకెట్ పబ్లిక్‌గా ఉంటే లోకంలో ప్రతివాడూ అనుమతి ఉన్నవాడే. ఎన్‌క్రిప్షన్ ఉందని రాసిచ్చి ఊరుకుంటే స్కూలు వాళ్ళకి సగం నిజమే చెప్పినట్టు.

తాళంచెవులు

నన్నడిగితే మీ లాంటి చిన్న ఆఫీసుకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. మీ ఈసీ2లో `.env` ఫైలు తెరిచి చూడండి. `AKIA` తో మొదలయ్యే అక్షరాలు కనిపిస్తే అది ఎప్పటికీ గడువు తీరని కీ. ఆ ఫైలు గిట్‌హబ్‌లోకో, ఆ కుర్రాడి పాత ల్యాప్‌టాప్‌లోకో పోతే, కీ దొరికినవాడు మీ అకౌంట్లో మీ మనిషిలాగే తిరుగుతాడు. దాని బదులు ఈసీ2కి ఏం చెయ్యొచ్చో అనుమతులు రాసిపెట్టే ఐఏఎం రోల్ ఒకటి తగిలించండి. ఎస్‌డీకే కొన్ని గంటలు మాత్రమే పనిచేసే కీలని తనే తెచ్చుకుంటుంది. యాప్ రోల్‌తో నడుస్తోందని తేలాక పాత `AKIA` కీని ముందు ఇన్‌యాక్టివ్ చేసి, వారం రోజులు ఏదీ ఆగకపోతే డిలీట్ చెయ్యండి.

రోల్ పెట్టినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఏడబ్ల్యూఎస్ మీద వాళ్ళు నడుపుతున్న వెబ్ ఫైర్‌వాల్ సర్వరు ఒకటి సరిగా కాన్ఫిగర్ చెయ్యలేదు. బయటి మనిషి దానిచేత `169.254.169.254` అనే లోపలి అడ్రసుకి రిక్వెస్టు పంపించగలిగింది. ప్రతి ఈసీ2కీ తన రోల్ తాలూకు కీలు ఇచ్చేది ఆ అడ్రసే. ఫైర్‌వాల్‌కి ఎస్3 బకెట్లు చదివే పనేమీ లేదు, కానీ ఆ రోల్‌కి ఆ అనుమతి ఉంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు అలా పోయాయి. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంది, రోల్‌కి అనుమతి ఉంది కాబట్టి విప్పి ఇచ్చేసింది. మరుసటి ఏడాది అక్కడి బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది బ్యాంకుకే, అమెజాన్‌కి కాదు.

అదే 2019 నవంబర్లో అమెజాన్ ఆ లోపలి అడ్రసుకి ముందుగా టోకెన్ తీసుకుంటేనే జవాబిచ్చే పద్ధతి, ఐఎండీఎస్ వెర్షన్ 2, తెచ్చింది. తెచ్చింది వాళ్ళు, పాత సర్వర్ల మీద తప్పనిసరి చేసుకోవాల్సింది మాత్రం మీరు:

```
aws ec2 modify-instance-metadata-options \
  --region ap-south-1 \
  --instance-id i-0123456789abcdef0 \
  --http-tokens required
```

ఐడీ దగ్గర మీది పెట్టండి. ఇచ్చేముందు క్లౌడ్‌వాచ్‌లో ఆ సర్వరుకి `MetadataNoToken` అనే మెట్రిక్ కొన్ని రోజులుగా సున్నాలో ఉందేమో చూడండి. సున్నా కాకపోతే ఏదో పాత ఎస్‌డీకే ఇంకా టోకెన్ లేకుండా అడుగుతోందని అర్థం, దాన్ని ముందు అప్‌డేట్ చెయ్యాలి. యాప్ డాకర్ కంటైనర్లో నడుస్తుంటే `--http-put-response-hop-limit 2` కూడా కలపాల్సి రావచ్చు. ఇక రోల్ పాలసీలో `s3:*` అని రాసి ఉంటే, మీ ఒక్క బకెట్‌కి చదవడం, రాయడం మాత్రమే ఉంచండి.

రూట్ లాగిన్‌కి, మనుషులు వాడే ప్రతి ఐఏఎం లాగిన్‌కి ఎంఎఫ్ఏ పెట్టండి. రూట్ ఎంఎఫ్ఏ ఆ కుర్రాడి ఫోన్లో ఉందేమో కూడా కనుక్కోండి. నవ్వొచ్చే విషయమేగానీ, అతను ఉద్యోగం మారాక అది నవ్వులాట కాదు.

బ్యాకప్ అదే అకౌంట్లో ఉంటే

కోడ్ స్పేసెస్ అనే కంపెనీ ఉండేది. 2014 జూన్‌లో వాళ్ళ ఏడబ్ల్యూఎస్ కన్సోల్లోకి ఎవరో దూరి డబ్బు అడిగారు. వీళ్ళు పాస్‌వర్డులు మార్చడం మొదలుపెట్టగానే, అతను ముందే తయారుచేసి పెట్టుకున్న వేరే లాగిన్లతో స్నాప్‌షాట్లు, ఎస్3 బకెట్లు, మిషన్లు డిలీట్ చేసుకుంటూ పోయాడు. బ్యాకప్‌లు కూడా అందులోనే ఉన్నాయి. 12 గంటల్లో అయిపోయింది, కంపెనీ మూతపడింది. అమెజాన్ వైపు ఏదీ చెడలేదు. సరైన లాగిన్ నుంచి వచ్చిన ఆర్డర్లు అమలయ్యాయి, అంతే.

అందుకని బ్యాకప్ కాపీ ఒకటి రెండో ఏడబ్ల్యూఎస్ అకౌంట్లో ఉండాలి. ఆ అకౌంట్ రూట్ ఈమెయిల్, పాస్‌వర్డ్, ఎంఎఫ్ఏ వేరు. అందులోకి మీరు తప్ప రోజువారీ పనిచేసేవాళ్ళెవరూ వెళ్ళకూడదు. ఆటోమేటిక్ స్నాప్‌షాట్‌ని నేరుగా షేర్ చెయ్యలేం, మాన్యువల్ స్నాప్‌షాట్‌గా కాపీ చేసుకుని షేర్ చెయ్యాలి. డిఫాల్ట్ `aws/rds` కీతో ఎన్‌క్రిప్ట్ అయినది అసలు షేర్ అవ్వదు. పైన సొంత కీ పెట్టమన్నది ఇందుకే. ఆ కీ పాలసీలో రెండో అకౌంట్‌కి వాడుకునే అనుమతి ఇచ్చి, స్నాప్‌షాట్ షేర్ చేసి, రెండో అకౌంట్లోకి వెళ్ళి దాని సొంత కీతో మళ్ళీ కాపీ చెయ్యండి. షేర్ చేసి వదిలేస్తే సరిపోదు, మొదటి అకౌంట్లో అసలుది పోతే షేర్ కూడా పోతుంది. మూడు నెలలకోసారి ఆ కాపీ నుంచి చిన్న డేటాబేస్ లేపి, నిన్నటి ఫీజు రసీదుల సంఖ్య సరిపోయిందో లేదో చూసి తీసేయండి. ఎస్3 బకెట్‌కి కూడా రెండో అకౌంట్‌లోకి రెప్లికేషన్ పెట్టుకోవచ్చు. దానికి వెర్షనింగ్ ఆన్ అయి ఉండాలి.

లాగులు, ఆ తర్వాత కాగితం

ఏదైనా జరిగితే స్కూలు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎవరి వివరాలు పోయాయి" అని. మీ అకౌంట్లో ఎవరు ఏ సెట్టింగు మార్చారన్నది క్లౌడ్‌ట్రెయిల్ డిఫాల్టుగా 90 రోజులు చూపిస్తుంది. కానీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, డేటా లీకు లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి. కాబట్టి ఒక ట్రెయిల్ తయారుచేసి లాగులు ఒక బకెట్లో పడేలా పెట్టండి. ఇంకో సంగతి: ఎస్3లోంచి ఏ ఫైలు ఎవరు దించుకున్నారన్నది మామూలు ట్రెయిల్లో రాదు. దానికి డేటా ఈవెంట్లు విడిగా ఆన్ చెయ్యాలి, కొద్దిగా ఖర్చవుతుంది. టీసీల బకెట్ ఒక్కదానికైనా ఆన్ చెయ్యండి. లేకపోతే లీకైన రోజు "బహుశా అందరివీ పోయి ఉండొచ్చు" అని తప్ప ఏమీ చెప్పలేరు.

ఇక కాగితం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్ళు ఒకరు, వాళ్ళ తరఫున ఆ పని చేసేవాళ్ళు ఇంకొకరు. ఇక్కడ మొదటివాళ్ళు స్కూలు, రెండోవాళ్ళు మీరు, మీ కింద అమెజాన్. చట్టం పట్టుకునేది స్కూలునే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని అందులో ఉంది, చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. స్కూలు వాళ్ళు మిమ్మల్ని ఇప్పుడే రాసివ్వమనడానికి అదే కారణం అయ్యుండొచ్చు. సంతకం పెట్టేముందు ఒప్పందాన్ని ఒక లాయరుకి చూపించండి. అందులోని సాంకేతిక భాగం మాత్రం మూడు పేరాల్లో ఇలా రాయొచ్చు.

మొదటి పేరాలో అమెజాన్ వంతు: బిల్డింగు, హార్డ్‌వేరు, హైపర్‌వైజరు, ఆర్‌డీఎస్ కింది ఆపరేటింగ్ సిస్టం, ఎస్3 నిల్వ. దీనికి రుజువుగా కన్సోల్లో `AWS Artifact` లోంచి ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్, సాక్ 2 అనే ఆడిట్ రిపోర్టు దించుకోండి. సాక్ 2 రిపోర్టు గోప్యమైన పత్రం, ఎవరికైనా పంపేముందు దాని షరతులు చదవండి. ఆ రిపోర్టులోనే "ఈ నియంత్రణలు పనిచెయ్యాలంటే కస్టమర్ ఇవి చెయ్యాలి" అంటూ ఒక జాబితా ఉంటుంది. మీ కుర్రాడి చేత చదివించాల్సింది ఆ పేజీలే.

రెండో పేరాలో మీ వంతు: ఉబుంటు, యాప్ కోడు, అందులో వాడే ప్యాకేజీలు, సెక్యూరిటీ గ్రూపులు, డేటాబేస్ లాగిన్లు, బకెట్ అనుమతులు, ఐఏఎం, రెండో అకౌంట్లో బ్యాకప్, 180 రోజుల లాగులు. పైన చెప్పినవి సరిచేసుకున్నాకే ఈ పేరా రాయండి, ముందు కాదు.

మూడో పేరా చాలామంది మర్చిపోతారు, అది స్కూలు వంతు. మీకు అమెజాన్ ఎలాగో, స్కూలుకి మీరలాగ. యాప్‌లోకి ఎవరు లాగినవ్వాలో నిర్ణయించేది వాళ్ళే. ఫీజు కౌంటర్లో నలుగురు క్లర్కులు ఒకే పాస్‌వర్డ్ వాడితే మీ ఫైర్‌వాల్ ఏం చెయ్యలేదు. ప్రతి క్లర్కుకీ వేరే లాగిన్ ఉండాలని, మానేసిన మనిషి పేరు అదే రోజు మీకు తెలియజెయ్యాలని రాయండి. ఆ లాగిన్‌ని ఎంతసేపట్లో ఆపేస్తారో, దానికోసం ఏ నంబరుకి చెప్పాలో కూడా అందులోనే రాసిపెట్టండి.